హోమ్‌లోన్‌ బాకీ ఎంత? లెక్కకు రెండు దారులు, జవాబు ఒక్కటే

ఇరవై లక్షల హోమ్‌లోన్‌. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు. నెలకు కట్టే ఈఎంఐ రూ.17,994.52. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక ఇంకా ఎంత బాకీ ఉంటుంది?

చాలామంది వెంటనే ఒక తీసివేత చేస్తారు. అరవై వాయిదాల్లో కట్టింది దాదాపు రూ.10.80 లక్షలు కాబట్టి మిగిలింది రూ.9.20 లక్షలని అనుకుంటారు. మరికొందరు మిగిలిన 180 వాయిదాలను కూడి, బాకీ రూ.32.39 లక్షలని గుండెలు బాదుకుంటారు. రెండూ తప్పే. అసలు బాకీ రూ.17,74,141. మొదటివాళ్లు అప్పుపై పెరిగిన వడ్డీని మరిచారు. రెండోవాళ్లు ఇంకా పుట్టని వడ్డీని కూడా బాకీలో కలిపేశారు. ఈ రెండు తప్పులను సరిదిద్దితే రెండు సరైన పద్ధతులు వస్తాయి.

మొదటిది జరిగినదాన్ని చూసే పద్ధతి. దీన్ని రెట్రోస్పెక్టివ్‌ అంటారు. నెలకు వడ్డీ 0.75 శాతం. ఒక్క వాయిదా కూడా కట్టకపోతే ఇరవై లక్షలు అరవై నెలల్లో రూ.31,31,362 అవుతాయి. కానీ మనం కడుతూ వచ్చాం కదా. కట్టిన ప్రతి వాయిదాకూ ఆ రోజు నుంచి అదే వడ్డీని మన వైపు లెక్కగట్టాలి. మొదటి నెలలో కట్టిన రూ.17,994.52 అరవయ్యో నెలకు రూ.27,964 విలువ చేస్తుంది. అరవయ్యో వాయిదా అప్పుడే కట్టింది కాబట్టి దాని విలువ అంతే ఉంటుంది. ఇలా అరవైనీ కూడితే రూ.13,57,221. పెరిగిన అప్పులోంచి దీన్ని తీసేస్తే మిగిలేది రూ.17,74,141.

రెండోది రాబోయేదాన్ని చూసే పద్ధతి, ప్రాస్పెక్టివ్‌. ఇక్కడ గతం జోలికి వెళ్లనక్కర్లేదు. మిగిలిన 180 వాయిదాల్లో ఒక్కోదానికి ఈ రోజున ఎంత విలువో చూస్తే చాలు. వచ్చే నెల కట్టేదాన్ని 1.0075తో భాగిస్తే రూ.17,860.57. పదిహేనేళ్ల తర్వాత కట్టే చివరి వాయిదాకు ఈ రోజు విలువ రూ.4,688 మాత్రమే. నూట ఎనభై విలువలనూ కూడితే మళ్లీ అదే రూ.17,74,141.

ఇది కాకతాళీయం కాదు. ఈఎంఐని నిర్ణయించే తీరులోనే దీనికి కారణం ఉంది. మొత్తం 240 వాయిదాల విలువను అప్పు తీసుకున్న రోజుకు తెచ్చి కూడితే కచ్చితంగా ఇరవై లక్షలు వచ్చేలా ఆ మొత్తాన్ని లెక్కగడతారు. అందులో మొదటి అరవై వాయిదాల వాటా రూ.8,66,857. మిగిలిన 180 వాయిదాల వాటా రూ.11,33,143. ఇప్పుడు ఈ అంకెలన్నింటినీ అరవై నెలలు ముందుకు జరపండి. అంటే అన్నింటినీ 1.565681తో గుణించండి. ఇరవై లక్షలు రూ.31.31 లక్షలవుతాయి. మొదటి వాటా రూ.13.57 లక్షలు, రెండో వాటా రూ.17.74 లక్షలు. మొత్తంలోంచి మొదటి వాటా తీసేయడం రెట్రోస్పెక్టివ్‌ పద్ధతి. రెండో వాటాను నేరుగా లెక్కించడం ప్రాస్పెక్టివ్‌ పద్ధతి. కాబట్టి రెండూ కలిసి తీరాలి. అరవయ్యో నెల బదులు ఏ నెల తీసుకున్నా ఇంతే.

అయితే వాయిదాలన్నీ అనుకున్నట్టే, అదే వడ్డీతో నడిస్తేనే ఈ పొత్తు నిలుస్తుంది. ఈఎంఐని రూ.17,995కు సవరిస్తే అరవయ్యో నెలలో రెండు జవాబుల మధ్య సుమారు రూ.84 తేడా వస్తుంది. చివరి వాయిదాను సుమారు రూ.321 తగ్గించి బ్యాంకు దాన్ని సర్దుతుంది. ఆ తగ్గిన చివరి వాయిదాను లెక్కలోకి తీసుకుంటే రెండు పద్ధతులూ మళ్లీ కలుస్తాయి. వాయిదా తప్పినా, మధ్యలో కొంత అసలు కట్టినా పాత షెడ్యూలుతో చేసిన ప్రాస్పెక్టివ్‌ లెక్క చెల్లదు. ఫ్లోటింగ్‌ వడ్డీ మారినప్పుడూ అంతే. అప్పుడు ఏ నెలకు ఏ వడ్డీ ఉందో, ఏ రోజు ఎంత కట్టామో చూసి రెట్రోస్పెక్టివ్‌గా బాకీ తేల్చాలి. ఆ బాకీకి కొత్త ఈఎంఐ గానీ కొత్త గడువు గానీ పెట్టుకున్నాక ప్రాస్పెక్టివ్‌ లెక్క మళ్లీ పనికొస్తుంది.

మీ లోన్‌కు ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. ఎక్సెల్‌లో ఈ రెండు వరుసలు చాలు.

```
=PV(9%/12,180,-17994.52)
=FV(9%/12,60,17994.52,-2000000)
```

మొదటిది ప్రాస్పెక్టివ్‌, రెండోది రెట్రోస్పెక్టివ్‌. పైసలను సవరించినందువల్ల ఒకటి రెండు రూపాయలు అటూఇటూ కావచ్చు. మీ వడ్డీ, వాయిదా, నెలల సంఖ్య వేసుకుని, వచ్చిన జవాబును బ్యాంకు స్టేట్‌మెంట్‌లోని బాకీతో పోల్చండి. తేడా వేలల్లో ఉంటే వడ్డీ ఎప్పుడు మారింది, ఏ వాయిదా ఏ తేదీన జమైంది, ఏ ఛార్జీలు అప్పులో కలిపారు అనే మూడు ప్రశ్నలతో బ్రాంచికి వెళ్లండి. లోన్‌ ముందుగా తీర్చేయాలనుకునేవారు చెక్కు రాయకముందే ఈ లెక్క చూసుకోవాలి.