ధర ఒకటి, విలువ మరొకటి

అమెరికా నాస్‌డాక్-100 సూచీని అనుసరించే ఈటీఎఫ్‌ను మన ఎక్స్ఛేంజీలో కొనేవాళ్లు రెండు అంకెలు చూడాలి. ఒకటి, తెరమీద కదిలే ధర. రెండోది, యూనిట్ వెనకున్న షేర్ల అసలు విలువ, అంటే ఎన్ఏవీ. ట్రేడింగ్ వేళల్లో దాని అంచనా ఐఎన్ఏవీ పేరుతో ఫండ్ సంస్థ వెబ్‌సైట్లో దొరుకుతుంది.

మామూలుగా ఇవి దగ్గరదగ్గరగానే ఉంటాయి. ధర ఎగబాకితే మార్కెట్ మేకర్లు ఫండ్ నుంచి కొత్త యూనిట్లు తెచ్చి అమ్ముతారు, ధర దిగొస్తుంది.

విదేశీ షేర్ల దగ్గర ఈ దారికి అడ్డుకట్ట పడింది. మన మ్యూచువల్ ఫండ్లన్నీ కలిపి వాటిలో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లే. 2022 ఆరంభంలో ఆ పరిమితి నిండవచ్చి, కొత్త సొమ్ము ఆపాల్సి వచ్చింది. తర్వాత కొంత సడలించినా, పరిమితి మాత్రం పెరగలేదు. యూనిట్లు పెరగవు, కొనేవాళ్లు తగ్గరు. ఇంకేం, ప్రీమియం!

ఐఎన్ఏవీ 200 రూపాయలున్న యూనిట్‌ను 230కి కొన్నారనుకుందాం. ప్రీమియం 15 శాతం. రేపు ఆ గిరాకీ చల్లారితే, సూచీ కదలకపోయినా 30 రూపాయలు, అంటే పెట్టుబడిలో 13 శాతం హుష్‌కాకి.

అలాగని ప్రతి తేడానూ అనుమానించక్కర్లేదు. మన ట్రేడింగ్ వేళకు అమెరికా మార్కెట్ మూసి ఉంటుంది కాబట్టి ఐఎన్ఏవీలో రాత్రి ముగింపు ధరలే ఉంటాయి. అక్కడి ఫ్యూచర్స్ ఒక శాతం పెరిగితే ఇక్కడి ధర అంతమేర ముందుండటం సహజం. వారాల తరబడి వీడని పది శాతం మాత్రం సహజం కాదు. అలాంటప్పుడు కొనకండి, చేతిలో యూనిట్లుంటే, అమ్మడానికి అదే మంచి అదను.