పిలుపు అందిందా, ఆగిందా?

కొత్త శాఖ తెరుస్తున్న దుకాణదారులు పాత ఖాతాదారులకు వాట్సాప్‌లో సందేశం పంపి ఊరుకుంటున్నారు. అందులో ఎంత భాగం అసలు చేరుతుందన్నదే ప్రశ్న

ఒకప్పుడు కొత్త దుకాణం తెరుస్తున్నారంటే ఆహ్వాన పత్రికలు అచ్చయ్యేవి. నాలుగు మూలలా పసుపు రాసి, గుమస్తా సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి ఇచ్చేవాడు. మిగతా ఊరికి దినపత్రికలో మడిచిపెట్టిన కరపత్రమే దిక్కు. ఇప్పుడా పని ఒక వేలు చేసేస్తోంది. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితా తెరవడం, పోస్టర్ జతచేయడం, పంపడం. రెండు నిమిషాల్లో పని పూర్తి. కానీ గుమస్తా సాయంత్రం తిరిగొచ్చి ఏ ఇంటికి తాళం వేసి ఉందో చెప్పేవాడు. ఫోన్ ఆ మాట తనంతట తాను చెప్పదు. అడిగి తెలుసుకోవాలి.

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో జాకెట్టు గుడ్డలు, లైనింగులు అమ్ముతూ, ఫాల్, పికో, కుట్టుపని కూడా చేసే ఒక మ్యాచింగ్ సెంటర్‌ను ఉదాహరణగా ఊహించుకుందాం. కూకట్‌పల్లి వైపు నుంచి వచ్చే ఆడవాళ్ల కోసం కేపీహెచ్‌బీ కాలనీలో రెండో శాఖ తెరవాలని యజమాని సంకల్పం. బిల్లు పుస్తకాల్లో 1,100 ఫోన్ నంబర్లున్నాయి. అందరికీ ఒక్కసారే చెప్పేయాలని ఆయన తొందర.

ఆ తొందరలో చాలామంది చేసే పని, ఖాతాదారులందరినీ ఒక గ్రూపులో చేర్చడం. అలా చేస్తే ఒకరి నంబరు మిగతా అందరికీ కనిపిస్తుంది. జాకెట్టు కొలతలు ఇచ్చి వెళ్లిన మహిళకు మర్నాటి నుంచి ముక్కూముఖం తెలియని వారి ఫోన్లు రావచ్చు. బ్రాడ్‌కాస్ట్‌లో ఈ బెడద లేదు. సందేశం ఎవరికి వారికే వ్యక్తిగతంగా పంపినట్లు చేరుతుంది, జవాబు యజమానికే వస్తుంది, జాబితాలో ఇంకెవరున్నారో ఎవరికీ తెలియదు.

అయితే బ్రాడ్‌కాస్ట్‌కు రెండు కట్టుబాట్లున్నాయి. ఒక్కో జాబితాలో 256 మందికి మించి చోటులేదు. ఇది అందరికీ తెలిసిందే. అసలు చిక్కు రెండోది. దుకాణం నంబరును తన ఫోన్‌లో సేవ్ చేసుకున్న ఖాతాదారుకే ఈ సందేశం చేరుతుంది. యజమాని దగ్గర ఆమె నంబరు ఉంటే చాలదు, ఆమె దగ్గర ఈయన నంబరు ఉండాలి. లేకపోతే సందేశం వెళ్లినట్లే వెళ్లి ఎక్కడో ఆగిపోతుంది. ‘పంపలేకపోయాం’ అన్న హెచ్చరికేదీ రాదు.

అందుకే పంపే ముందు జాబితా వడకట్టాలి. ఒకే ఇంటి నుంచి రెండుసార్లు రాసుకున్నవి, రెండేళ్లుగా దుకాణం గడప తొక్కనివారివి తీసేస్తే మన మ్యాచింగ్ సెంటర్‌కు 620 నంబర్లు మిగిలాయనుకుందాం. వీరిలో కూకట్‌పల్లి, మూసాపేట, నిజాంపేట, మియాపూర్ చుట్టుపక్కల వారు 140 మంది. వారిది ఒక జాబితా. మిగిలిన 480 మంది చెరి 240 చొప్పున ఇంకో రెండు. కొత్త శాఖ ఎవరి ఇంటికి దగ్గరవుతుందో వారికే అది కబురు. అల్వాల్‌లో ఉండే ఆమెకు దాని అవసరం లేదు. ఆమెకొచ్చే సందేహం వేరు: పాత దుకాణం ఎత్తేస్తున్నారా?

సందేశం నిలబడేదీ, పడిపోయేదీ ఈ సందేహం దగ్గరే. ‘మా విజయప్రస్థానంలో మరో మైలురాయి’ అన్న వాక్యం ఖాతాదారుకు ఏమీ చెప్పదు. ఆమెకు కావలసింది వేరు. ‘నా ఆది జాకెట్టు, కొలతల పుస్తకం ఎక్కడుంటాయి? అక్కడ కుట్టడానికిచ్చినవి ఇక్కడ తీసుకోవచ్చా? పాత మాస్టరే కత్తిరిస్తాడా?’ వీటికి జవాబిస్తూ సందేశం ఇలా ఉండవచ్చు:

‘నమస్కారమండీ. జనరల్ బజార్‌లో మీరు జాకెట్లు కుట్టించుకునే మ్యాచింగ్ సెంటర్ నుంచి. ఆగస్టు 20, గురువారం ఉదయం 10 గంటలకు కేపీహెచ్‌బీ కాలనీలో మన రెండో దుకాణం తెరుస్తున్నాం. పాత దుకాణం ఎప్పటిలాగే ఉంటుంది. మీ కొలతలు రెండు చోట్లా ఉంటాయి. ఎక్కడ ఇచ్చినా ఎక్కడైనా తీసుకోవచ్చు. మొదటి పది రోజులు కొత్త దుకాణంలో ఫాల్, పికో ఉచితం. ఈ సందేశాలు అక్కర్లేకపోతే వద్దు అని పంపండి, మళ్లీ పంపం.’

దీని వెనుకే మ్యాపు గుర్తు. పోస్టర్ ఒక్కటే పంపి వదిలేయడం పొరపాటు. ఫొటోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా పెట్టుకున్న వారికి మసక బొమ్మ తప్ప మరేమీ కనిపించదు. ఇంకో తికమక ముహూర్తంతో వస్తుంది. తెల్లవారుజామున 5 గంటల 42 నిమిషాలకు పూజ అయితే, సందేశంలో ఆ వేళే వేసేస్తారు. ఖాతాదారుకు కావలసింది అమ్మకాలు మొదలయ్యే వేళ. అన్నిటికంటే ముందు ఇంట్లోవాళ్ల నాలుగు ఫోన్లకు పంపి, మ్యాపు గుర్తు నొక్కితే దుకాణం ముందుకే తీసుకెళుతోందా, పక్క వీధికా అన్నది చూసుకోవాలి.

ఇక లెక్క. 140 మందికి పంపిన మర్నాడు సందేశాన్ని నొక్కి పట్టుకుని దాని సమాచారం తెరిస్తే ఎందరికి చేరిందో, ఎందరు చదివారో కనిపిస్తుంది. 84 మందికి చేరి, 60 మంది చదివారనుకుందాం. చదివినట్లు చూపే నీలి గుర్తులు ఆపేసుకున్నవారు ఈ లెక్కలోకి రారు కాబట్టి చదివినవారు ఇంకాస్త ఎక్కువే. కానీ మిగిలిన 56 మందిలో ఒకరిద్దరి ఫోన్లు ఆగి ఉండొచ్చుగానీ, ఎక్కువ మంది దుకాణం నంబరు సేవ్ చేసుకోనివారే. వారికి మళ్లీ మళ్లీ బ్రాడ్‌కాస్ట్ పంపి లాభం లేదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాలి. 56 ఫోన్లు రెండు మధ్యాహ్నాల పని. ఇకపై బిల్లు కట్టేటప్పుడే ‘మా నంబరు సేవ్ చేసుకోండమ్మా, కుట్టడం అయిపోగానే కబురు పెడతాం’ అని అడగడం మేలు.

ఈ కష్టం తప్పించుకోవడానికి కొందరు బల్క్ మెసేజ్ సాఫ్ట్‌వేర్‌లను ఆశ్రయిస్తున్నారు. నంబరు సేవ్ చేసుకున్నా లేకున్నా వేలమందికి పంపుతామని అవి ఊరిస్తాయి. ఇది వాట్సాప్ నిబంధనలకు విరుద్ధం. అందుకున్నవారు బ్లాక్ చేసి ఫిర్యాదు చేస్తే ఖాతాయే నిషేధానికి గురికావచ్చు. ఐటీ నిబంధనల (2021) కింద ప్రచురించిన నెలవారీ నివేదికల్లో, భారత్‌లో నెలకు లక్షల ఖాతాలను నిషేధించినట్లు వాట్సాప్ చెబుతూ వచ్చింది. అలా పోయేది ఏళ్ల తరబడి బిల్లుల మీద, సంచుల మీద, బోర్డు మీద అచ్చయిన నంబరు. శాఖ తెరిచిన వారమే అది మూగబోతే జరిగే నష్టం ఏ డిస్కౌంటూ పూడ్చలేదు.

వేల ఖాతాదారులున్న పెద్ద దుకాణాలకు రాచబాట వాట్సాప్ బిజినెస్ ప్లాట్‌ఫామ్. అక్కడ నంబరు సేవ్ చేసుకోకపోయినా సందేశం చేరుతుంది. కానీ ఖాతాదారు ముందే సమ్మతించి ఉండాలి, సందేశం నమూనాకు వాట్సాప్ ఆమోదం కావాలి, 2025 జులై 1 నుంచి ఒక్కో ప్రచార సందేశానికీ విడిగా రుసుము చెల్లించాలి. 620 మంది ఉన్న దుకాణానికి ఇంత హంగామా అక్కర్లేదు. సమ్మతి మాత్రం చిన్నవారికీ తప్పదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు వచ్చాయి. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువిచ్చారు. బిల్లు కోసం ఇచ్చిన నంబరును ప్రచారానికి వాడేముందు అడగాలన్నదే వాటి సారాంశం.

ఖాతాదారు వైపు నుంచీ ఒక భయముంది. పెళ్లి శుభలేఖ పేరుతో ఏపీకే ఫైళ్లు పంపి ఫోన్లలోకి చొరబడుతున్నారని 2024లో హిమాచల్ ప్రదేశ్ పోలీసులు హెచ్చరించారు. అందువల్ల ఆహ్వానమంటూ ఫైలు వస్తే తెరవడానికి జనం జంకుతున్నారు. కొత్త నంబరు నుంచి కాకుండా పాత నంబరు నుంచే, ఫైలూ లింకుల గొడవ లేకుండా మాటల్లో రాసిన కబురే నమ్మకం కలిగిస్తుంది.

కబురు పనిచేసిందనడానికి గుర్తు జవాబులే. ‘శుభాకాంక్షలు’ అని చేతులు జోడించిన బొమ్మలు పంపేవారు అభిమానులు. ‘పార్కింగ్ ఉందా?’, ‘ఆదివారం తెరుస్తారా?’ అని అడిగేవారు రాబోయేవారు. వారికి ఆ పూటే బదులివ్వాలి. ప్రారంభం ముందురోజు గుర్తుచేయాల్సిందీ వారికే, 620 మందికీ కాదు. ‘వద్దు’ అన్నవారి పేరు మూడు జాబితాల్లోంచీ అదే రోజు తీసేయాలి.