అమెరికా చదువు: చిన్నప్పటి టీకా కార్డు ఎందుకు సరిపోదు?

అమెరికాలో ఎంఎస్ సీటు వచ్చిన విద్యార్థికి యూనివర్సిటీ హెల్త్ ఫారం పంపుతుంది. దాన్ని పూర్తిచేయకపోతే చాలాచోట్ల కోర్సుల రిజిస్ట్రేషన్‌పై హోల్డ్ పెడతారు. కొన్ని ఫారాల్లో ఫిట్‌నెస్ పేజీ కూడా ఉంటుంది. బీపీ, చూపు, గుండె, ఊపిరితిత్తులు చూసి డాక్టర్ సంతకం చేస్తే ఆ పని అయిపోతుంది. టీకాల పేజీ అలా కాదు, అక్కడ తేదీలు లెక్కచూస్తారు.

ప్రధానంగా అడిగేది ఎంఎంఆర్, అంటే తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు కలిపి వేసే టీకా. రెండు డోసులు కావాలి. మొదటిది ఏడాది నిండాక పడాలి, రెంటికీ మధ్య కనీసం 28 రోజులుండాలి. మన పిల్లలకు 9 నెలలకే తట్టు టీకా వేసేవారు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు ఆ వయసులో ఇంకా మిగిలి ఉండి టీకాను బలహీనపరచవచ్చు కాబట్టి అమెరికాలో ఆ డోసును లెక్కలోకి తీసుకోరు. పైగా అందులో గవదబిళ్లల భాగం ఉండదు.

2003లో పుట్టిన ఒక అమ్మాయి కార్డులో 9 నెలల తట్టు టీకా మాత్రమే ఉందనుకుందాం. క్లాసులు ఆగస్టు 20న మొదలవుతాయి. జూన్ 20న మొదటి ఎంఎంఆర్ వేయించుకుంటే రెండోది జూలై 18న లేదా ఆ తర్వాత వేయించుకోవచ్చు. 17న వేయించుకుంటే ఒక రోజు తక్కువై పేచీ రావచ్చు. గర్భిణులు ఈ టీకా వేయించుకోకూడదు. కార్డే పోయినవాళ్లు మూడు జబ్బులకూ ఐజీజీ రక్తపరీక్ష చేయించుకోవచ్చు. రోగనిరోధక శక్తి ఉన్నట్టు తేలితే చాలా యూనివర్సిటీలు దాన్ని ఒప్పుకుంటాయి.

మనవాళ్లను క్షయ పరీక్ష కూడా తరచుగా అడుగుతారు. చర్మంలో సూది వేసి 48 నుంచి 72 గంటల్లో చూసే పరీక్షలో, చిన్నప్పటి బీసీజీ వల్ల కూడా వాపు రావచ్చు. ఇగ్రా అనే రక్తపరీక్షకు ఆ ఇబ్బంది లేదు, మళ్లీ వెళ్లి చూపించుకోనక్కర్లేదు. అయితే ఎంఎంఆర్ వేసిన కొన్ని వారాల దాకా క్షయ పరీక్ష ఫలితం తప్పుగా రావచ్చు. అందుకే మొదటి డోసు రోజునే లేదా అంతకుముందే రక్తం ఇచ్చేయడం మంచిది. పాజిటివ్ వస్తే కంగారు పడనక్కర్లేదు. క్రిమి ఒంట్లో చేరి ఉండవచ్చని దాని అర్థం, జబ్బు ఉన్నట్టేనని కాదు. ఛాతీ ఎక్స్‌రే తీసి డాక్టర్ తేలుస్తారు. కొన్ని యూనివర్సిటీలు తమ దగ్గరికి వచ్చాక చేసిన పరీక్షనే ఒప్పుకుంటాయి కాబట్టి డబ్బు కట్టేముందు ఫారం చదవండి.

చివరగా తేదీ రాసే తీరు చూసుకోండి. మనం 05/06 అని రాస్తే జూన్ 5, అక్కడివాళ్లకు అది మే 6. నెల పేరు అక్షరాల్లో రాయించి, డాక్టర్ సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ముద్ర ఉన్నాయో లేదో క్లినిక్‌లోనే సరిచూసుకోండి.