నష్టం పంచుదామనుకున్నారు.. ఒకే గుమ్మం ముందు కుప్ప పోశారు! 2008 సంక్షోభంలో ఏఐజీ కథ

2008 సెప్టెంబర్ 16. లేమాన్ బ్రదర్స్ దివాలా తీసి అప్పటికి ఒక్క రోజే అయింది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ ఆ రాత్రి ఓ ఇన్సూరెన్స్ కంపెనీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు ఇస్తున్నట్టు ప్రకటించింది. బదులుగా ఆ కంపెనీలో 79.9 శాతం వాటా ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ కంపెనీయే ఏఐజీ. అప్పట్లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ల జెర్సీ మీద కనిపించిన పేరు ఇదే.

జీవిత బీమా, కారు బీమా అమ్ముకునే కంపెనీకి ఇళ్ల అప్పులతో ఏం సంబంధం? బ్యాంకింగ్ పరీక్షకు ఈ టాపిక్ మీద వ్యాసం రాసేవాళ్లు చాలామంది సెక్యూరిటైజేషన్‌కి ఒక నిర్వచనం, సీడీఎస్‌కి ఒక నిర్వచనం రాసేసి వదిలేస్తారు. ఆ రెండూ ఎక్కడ కలిశాయో చెబితేనే అసలు విషయం అర్థమవుతుంది. చిన్న లెక్కతో చూద్దాం.

వెయ్యి ఇళ్లు, మూడు అంతస్తులు

ఒక బ్యాంకు వెయ్యి మందికి ఇంటి అప్పులు ఇచ్చిందనుకుందాం. మామూలుగా అయితే 30 ఏళ్ల పాటు ఈఎంఐలు వసూలు చేసుకుంటూ కూర్చోవాలి. అలా కాకుండా ఆ వెయ్యి అప్పులనూ ఒక మూటగా కట్టి, విడిగా పెట్టిన ఒక సంస్థకు అమ్మేస్తుంది. ఆ సంస్థ బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది. ఇళ్ల వాళ్లు కట్టే ఈఎంఐలు ఆ బాండ్లు కొన్నవాళ్లకు వెళ్తాయి. సెక్యూరిటైజేషన్ అంటే ఇదే. బ్యాంకుకు డబ్బు వెంటనే చేతికొస్తుంది, దాంతో మళ్లీ కొత్త అప్పులు ఇస్తుంది. అప్పు తీసుకున్న మనిషి కడతాడా ఎగ్గొడతాడా అన్న బెంగ మాత్రం బాండు కొన్నవాడిది.

ఈ బాండ్లన్నీ ఒకలాంటివి కావు. మూట మొత్తం విలువ 100 అనుకోండి. దాన్ని మూడు అంతస్తులుగా విడగొడతారు. వీటినే ట్రాంచ్‌లు అంటారు. పై అంతస్తు 85, మధ్యది 10, అడుగుది 5. వచ్చిన డబ్బు ముందు పై అంతస్తుకి, తర్వాత మధ్య అంతస్తుకి, మిగిలితే అడుగు అంతస్తుకి. నష్టం మాత్రం వరద నీళ్లలా కింది నుంచి పైకి ఎక్కుతుంది. అందుకే పై అంతస్తుకి రేటింగ్ ఏజెన్సీలు అత్యుత్తమ గ్రేడ్ అయిన ట్రిపుల్ ఏ ఇచ్చాయి.

ఇప్పుడు వెయ్యి మందిలో 100 మంది ఎగ్గొట్టారనుకుందాం. ఇళ్లు వేలం వేస్తే సగం డబ్బు తిరిగొచ్చింది. అంటే మూటకు నష్టం 5. అడుగు అంతస్తు తుడిచిపెట్టుకుపోయింది. మధ్య అంతస్తుకి చుక్క తడి అంటలేదు. ఇక్కడి వరకు ఏర్పాటు బాగానే పనిచేసింది. రిస్క్ తీసుకుంటామని ముందుకొచ్చినవాళ్లే దెబ్బ తిన్నారు.

మధ్య అంతస్తును ఎవరు కొంటారు?

చిక్కు ఇక్కడ మొదలైంది. పై అంతస్తు బాండ్లకు పెన్షన్ ఫండ్లు, బ్యాంకులు క్యూ కట్టాయి. అడుగుది ఎక్కువ రాబడి కోసం కొందరు తీసుకున్నారు. మధ్యది అటు భద్రమూ కాదు, ఇటు భారీ లాభమూ లేదు. దానికి గిరాకీ తగ్గింది.

అప్పుడు వాల్ స్ట్రీట్ ఓ ఉపాయం చేసింది. వంద వేర్వేరు మూటల్లోని మధ్య అంతస్తు ముక్కలన్నీ ఏరి, వాటితో ఇంకో కొత్త మూట కట్టింది. దాని పేరు సీడీఓ. దాన్ని కూడా మళ్లీ అంతస్తులుగా కోశారు. మన లెక్కలో పై 70, కింద 30 అనుకుందాం. ఆ పై 70కి మళ్లీ ట్రిపుల్ ఏ రేటింగ్! 'వంద చోట్ల నుంచి తెచ్చిన ముక్కలు, అన్నీ ఒకేసారి చెడిపోవు కదా' అన్నది వాదన.

ఇప్పుడు ఎగవేతలు 100 నుంచి 200కి పెరిగాయనుకోండి. ప్రతి మూటలోనూ నష్టం 10. అడుగు 5 పోయింది, మిగతా 5 మధ్య అంతస్తు మీద పడింది. మధ్యది ఉన్నదే 10, అందులో సగం పోయింది. సీడీఓ నిండా ఉన్నవి ఈ మధ్య ముక్కలే కాబట్టి సీడీఓలోనూ సగం పోయినట్టే. అంటే 100లో 50 నష్టం. కింది 30 మాయం, మిగతా 20 పై అంతస్తు మీద. ట్రిపుల్ ఏ అని కొన్న 70లో 20 గోవిందా. దాదాపు 29 శాతం నష్టం.

ఎగవేతలు 300 అయితే? మూట నష్టం 15. మధ్య అంతస్తు పూర్తిగా పోతుంది, దాంతో పాటే సీడీఓ మొత్తం సున్నా. అసలు మూటల్లోని పై 85కి మాత్రం ఒక్క పైసా నష్టం లేదు.

మళ్లీ ఒకసారి చూడండి. రెండింటికీ రేటింగ్ ట్రిపుల్ ఏ. ఒకదానికి గీత కూడా పడలేదు, రెండోది కాగితం ముక్క అయింది. వందమంది ఎగవేతకూ మూడొందల మంది ఎగవేతకూ మధ్య ఉన్న తేడా అంతే. ఇవి మన సౌకర్యం కోసం వేసుకున్న అంకెలు, నిజం సీడీఓల్లో కోతలు ఇంకా సన్నగా, ఇంకా ఎక్కువ అంతస్తులుగా ఉండేవి. ఎంత సన్నగా కోస్తే అంత త్వరగా మునుగుతుంది.

ఎగవేతలు అన్ని చోట్లా ఒకేసారి ఎందుకు పెరిగాయి? సబ్‌ప్రైమ్ అప్పుల్లో చాలావాటికి మొదటి రెండేళ్లు వడ్డీ తక్కువ, ఆ తర్వాత ఒక్కసారిగా పెరుగుతుంది. పెరిగే లోపు ఇంటి ధర పెరుగుతుంది, దాన్ని చూపించి కొత్త అప్పు తెచ్చి పాతది తీర్చేయొచ్చన్నది లెక్క. 2006లో అమెరికా మొత్తమ్మీద ఇళ్ల ధరలు ఆగి, దిగడం మొదలైంది. కొత్త అప్పు పుట్టే దారి అందరికీ ఒకేసారి మూసుకుపోయింది. ఫ్లోరిడా మూట, కాలిఫోర్నియా మూట వేర్వేరు అన్న ధీమా అక్కడే పోయింది.

ఏఐజీ ఎక్కడ తగులుకుంది?

సీడీఓ పై అంతస్తు కొన్న బ్యాంకుకు ఓ చిన్న భయం మిగిలి ఉంటుంది. దానికి మందే క్రెడిట్ డిఫాల్ట్ స్వాప్, అంటే సీడీఎస్. బ్యాంకు ఏటా కొంత ఫీజు కడుతుంది. బాండు మునిగితే అవతలివాడు నష్టం భర్తీ చేస్తాడు. చూడ్డానికి అచ్చం ఇన్సూరెన్సే. చట్టం దృష్టిలో మాత్రం కాదు. 2000లో అమెరికా చేసిన ఓ చట్టం ఈ ఒప్పందాలను దాదాపుగా నియంత్రణ బయటే ఉంచింది. కారు బీమా అమ్మితే క్లెయిముల కోసం డబ్బు పక్కన పెట్టాలి. సీడీఎస్ అమ్మితే అప్పట్లో అక్కర్లేదు.

ఏఐజీలో ఫైనాన్షియల్ ప్రొడక్ట్స్ అనే చిన్న విభాగం ఉండేది. సిబ్బంది సుమారు నాలుగొందల మంది. జోసెఫ్ కాసానో దాని అధిపతి. 2007 చివరికి ఈ విభాగం పూచీపడిన పై అంతస్తుల విలువ సుమారు 52,700 కోట్ల డాలర్లు. అందులో ఎక్కువ భాగం యూరప్ బ్యాంకులవి. ఏఐజీ పూచీ ఉంటే ఆ బ్యాంకులు తమ దగ్గర ఉంచాల్సిన మూలధనం తగ్గేది, అందుకే కొన్నాయి. అసలు ప్రమాదం ఇంకో 7,800 కోట్ల దగ్గర ఉంది. అవి మనం పైన లెక్క వేసిన లాంటి సీడీఓలు.

ఏఐజీ వాళ్లకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. 2005 చివర్లోనే సబ్‌ప్రైమ్ ఎక్కువగా ఉన్న కొత్త సీడీఓలకు పూచీ ఇవ్వడం ఆపాలని నిర్ణయించారు. అప్పటికే ఇచ్చినవి మాత్రం అలాగే ఉన్నాయి. 2007 ఆగస్టులో కూడా ఈ ఒప్పందాల్లో ఒక్క డాలర్ పోయే పరిస్థితి ఊహకు కూడా అందదని కాసానో ఇన్వెస్టర్లతో అన్నారు.

ఆయన లెక్క తుది నష్టం గురించి. ఏఐజీని ముంచింది తుది నష్టం కాదు, ఒప్పందంలోని ఇంకో షరతు. బాండు మార్కెట్ ధర పడిపోయినా, ఏఐజీ సొంత రేటింగ్ తగ్గినా, తేడా మేరకు నగదు వెంటనే కొలేటరల్‌గా జమ చేయాలి. ఇంకా ఎవరూ ఎగ్గొట్టకపోయినా సరే. 2007 జులై చివర్లో గోల్డ్‌మన్ శాక్స్ మొదటిసారి 180 కోట్ల డాలర్లు అడిగింది. అక్కడి నుంచి ధర ఎంత అన్నదాని మీద నెలల తరబడి వాదనలు. కొనేవాడే లేని బాండుకి ధర ఎవరు చెప్పాలి?

2008 సెప్టెంబర్ 15న మూడు పెద్ద రేటింగ్ ఏజెన్సీలూ ఏఐజీ గ్రేడ్ తగ్గించాయి. రేటింగ్ తగ్గగానే ఇంకా కొలేటరల్, ఆ డబ్బు కట్టడానికి అప్పు పుట్టదు, అప్పు పుట్టట్లేదని తెలిసి అందరూ ఇంకా గట్టిగా అడుగుతారు. ఏఐజీ తన దగ్గరి బాండ్లు ఇతరులకు అరువిచ్చి, వచ్చిన నగదును ఇంటి అప్పుల బాండ్లలోనే పెట్టింది. ఆ డబ్బు వెనక్కివ్వమని కూడా అదే వారంలో ఒత్తిడి వచ్చింది. కాబట్టి తప్పంతా సీడీఎస్‌దే అని వ్యాసంలో రాసేయకండి.

పుంజులు రెండే, పై పందాలు ఎన్నో

ఇంకో మెలిక ఉంది. సీడీఎస్ కొనాలంటే ఆ బాండు మీ దగ్గర ఉండాల్సిన పనే లేదు. భీమవరంలో సంక్రాంతి బరి చూసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు. బరిలో దిగేవి రెండు పుంజులే, చుట్టూ నిలబడ్డవాళ్లు వేసే పై పందాలకు లెక్క ఉండదు. అసలు అప్పులే లేకుండా కేవలం సీడీఎస్‌లతో కట్టిన సింథటిక్ సీడీఓలు అలా పుట్టాయి.

గోల్డ్‌మన్ 2007లో తయారుచేసిన అబాకస్ అలాంటిదే. అందులో చేర్చే బాండ్ల ఎంపికలో పాల్సన్ అనే హెడ్జ్ ఫండ్ చేయి ఉంది. ఆ ఫండే అవి మునుగుతాయని పందెం కాసింది. ఐకేబీ అనే జర్మన్ బ్యాంకుకు ఆ సంగతి చెప్పలేదు. ఐకేబీ సుమారు 15 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది. 2010లో గోల్డ్‌మన్ 55 కోట్ల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది.

ఇల్లు ఒక్కటి పోతే నష్టం ఒక్కసారే జరగాలి. దాని మీద పై పందాలు ఉంటే, ఇంటితో సంబంధం లేని బ్యాంకు కూడా జర్మనీలో కూర్చుని డబ్బు కట్టాలి. నష్టం పంచడం, నష్టాన్ని పెంచడం, ఈ రెండూ ఒకే పరికరంతో జరిగాయి. ఒకరి లాభం ఇంకొకరి నష్టమేగా, మొత్తం మీద సమానమే కదా అని అడగొచ్చు. గెలిచినవాడికి కట్టాల్సినవాడి దగ్గర డబ్బుంటే అది నిజమే.

లేనప్పుడు ఏమవుతుందో 2008 నవంబర్‌లో తేలింది. న్యూయార్క్ ఫెడ్ పెట్టిన మెయిడెన్ లేన్ 3 అనే సంస్థ ఆ సీడీఓలను బ్యాంకుల దగ్గర నుంచి కొనేసింది. అప్పటికే అందిన కొలేటరల్‌తో కలిపి సొసైటీ జనరల్, గోల్డ్‌మన్, డాయిష్ బ్యాంక్ లాంటి వాటికి రూపాయికి రూపాయి అన్నట్టు మొత్తం సుమారు 6,200 కోట్ల డాలర్లు ముట్టాయి. ఏఐజీకి ప్రభుత్వం హామీ ఇచ్చిన సాయం ఒక దశలో 18,200 కోట్ల డాలర్లకు చేరింది. 2012 చివరికి ఆ డబ్బంతా లాభంతో సహా తిరిగొచ్చిందన్నది కూడా రికార్డే. ఆ మధ్యలో ఇళ్లు, ఉద్యోగాలు పోయినవాళ్ల లెక్క ఆ లాభంలో లేదు.

మన దగ్గర?

ఆ రోజుల్లో ఆర్బీఐ గవర్నర్ కుర్చీలో ఉన్నది మన తెలుగువాళ్లే. కడప జిల్లాకు చెందిన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 సెప్టెంబర్ మొదటి వారం వరకు. ఆ తర్వాత దువ్వూరి సుబ్బారావు. ఆయన వచ్చిన పది రోజులకే లేమాన్ కూలింది. రెడ్డి హయాంలో 2006 ఫిబ్రవరిలో వచ్చిన సెక్యూరిటైజేషన్ నిబంధనల్లో ఒకటి చూడండి: అప్పులు అమ్మగానే లాభాన్ని ఒకేసారి పుస్తకాల్లో రాసుకోకూడదు, ఆ బాండ్ల కాలమంతా కొంచెం కొంచెంగానే చూపించాలి. అమ్మిన రోజే బోనస్ పంచుకునే ఉత్సాహం దాంతో చాలావరకు తగ్గింది. సీడీఎస్‌కు అప్పట్లో అసలు అనుమతే లేదు. 2011లో కార్పొరేట్ బాండ్లకు అనుమతించినప్పుడు కూడా, మామూలు కంపెనీలు కొనాలంటే ముందు ఆ బాండు తమ చేతిలో ఉండాలన్న షరతు పెట్టారు. అంటే బయట నిలబడి పై పందెం కాయడం అప్పట్లో కుదిరేది కాదు.