డిజిలాకర్‌లో మెమో ఉన్నా అప్లికేషన్ ఫామ్‌లో ఎందుకు కనిపించదు? ఇదీ అసలు సంగతి

ఆన్‌లైన్ అప్లికేషన్ ఫామ్ నింపుతున్నారు. సర్టిఫికెట్ల పేజీలో డిజిలాకర్ నుంచి తీసుకునే ఆప్షన్ కనిపించింది. ఎప్పుడో టెన్త్ మెమోని స్కాన్ చేసి అందులో పెట్టుకున్నారు కదా, పని అయిపోయిందనుకుని క్లిక్ చేశారు. తీరా చూస్తే లిస్టులో ఆధార్ తప్ప ఇంకేమీ లేదు! యాప్ పాడైందా? కాదు. మీరు పెట్టుకున్న మెమో వేరే అరలో ఉంది.

రెండు అరలు, రెండు విలువలు

డిజిలాకర్‌లో Issued, Uploaded అని రెండు విభాగాలుంటాయి. మనం ఫొటో తీసి లేదా స్కాన్ చేసి పెట్టుకునేవన్నీ Uploaded లోకి వెళ్తాయి. ఇక్కడ ఒక్కో ఫైల్ 10 ఎంబీ వరకు ఉండొచ్చు. కానీ ఇవి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్న కాపీల్లాంటివే. వాటిని ఎవరూ ధ్రువీకరించలేదు.

Issued కథ వేరు. బోర్డు, రవాణా శాఖ లాంటి జారీ చేసిన సంస్థ దగ్గర ఉన్న రికార్డుకి ఇక్కడ ఒక లింక్ ఏర్పడుతుంది. డాక్యుమెంట్ నేరుగా ఆ సంస్థ నుంచే వస్తుంది. 2017లో సవరించిన ఐటీ నిబంధనల ప్రకారం వీటికి ఒరిజినల్‌తో సమానమైన విలువ ఉంది. ఫామ్‌లు సాధారణంగా అడిగేది కూడా వీటినే.

అందుకే మెమోని స్కాన్ చేయకండి, తెప్పించుకోండి. యాప్‌లో సెర్చ్‌కి వెళ్లి మీ బోర్డు పేరు వెతకండి. మెమో రకం ఎంచుకుని, హాల్ టికెట్ నంబర్, పాసైన సంవత్సరం ఇచ్చి Get Document నొక్కండి. రికార్డు దొరికితే అది Issued లో చేరిపోతుంది. బోర్డు పాత సంవత్సరాల రికార్డులు ఇంకా ఎక్కించకపోతే మాత్రం ఎన్నిసార్లు ప్రయత్నించినా రాదు. అప్పుడు ఫామ్‌లో మామూలు స్కాన్ అప్‌లోడ్ చేసే దారి ఉందేమో చూసుకోవాల్సిందే.

మనవాళ్లకి తగిలే అసలు దెబ్బ: ఇంటిపేరు

ఒకరి ఆధార్‌లో K Sai Kiran అని, టెన్త్ మెమోలో Kondapalli Sai Kiran అని ఉందనుకుందాం. మనకి ఇద్దరూ ఒకరే. సిస్టమ్‌కి మాత్రం ఇవి రెండు వేర్వేరు పేర్లు. డ్రైవింగ్ లైసెన్స్ తెప్పించేటప్పుడు పేరు, పుట్టిన తేదీని ఆధార్‌తో పోల్చి చూస్తారు. తేడా ఎక్కువగా ఉంటే వివరాలు సరిపోలలేదని ఎర్రర్ వస్తుంది. మెమో విషయంలో ఇంకో చిక్కు. అది హాల్ టికెట్ నంబర్‌తో వచ్చేసినా, ఫామ్ పేరుని ఆధార్ నుంచి, మార్కులని మెమో నుంచి తీసుకుంటే తేడా అక్కడ బయటపడుతుంది.

దీనికి షార్ట్‌కట్ లేదు, ఏదో ఒక రికార్డుని సరిచేయించాలి. చదువుకునేవాళ్లు సాధారణంగా టెన్త్ మెమోలో ఉన్నట్టే ఆధార్‌లో మార్పించుకోవడం మేలు, ఎందుకంటే తర్వాతి సర్టిఫికెట్లన్నీ టెన్త్ మెమో పేరునే అనుసరిస్తాయి. అయితే ఆధార్‌లో పేరు మార్పుకి జీవితంలో 2 అవకాశాలే ఇస్తారు. కాబట్టి స్పెల్లింగ్‌ని అక్షరం అక్షరం సరిచూసుకుని అడగండి. మార్పు పూర్తయ్యాక డిజిలాకర్ ప్రొఫైల్‌లో కొత్త పేరు కనిపిస్తోందో లేదో కూడా చూడండి.

Allow నొక్కే ముందు

ఫామ్ నుంచి డిజిలాకర్‌కి వెళ్లినప్పుడు ముందు అడ్రస్ బార్ చూడండి. ఓటీపీ, 6 అంకెల పిన్ అడిగే పేజీ అడ్రస్‌లో సైట్ పేరు .gov.in తో ముగియాలి. ఆ అక్షరాలు మధ్యలో ఎక్కడో ఉంటే సరిపోదు.

లాగిన్ అయ్యాక అనుమతి పేజీ వస్తుంది. ఏ సంస్థ అడుగుతోంది, ఏయే డాక్యుమెంట్లు, ఎందుకు, ఏ తేదీ వరకు అన్నది అందులో ఉంటుంది. చాలామంది చదవకుండానే Allow కొట్టేస్తారు. కాలేజీ ఫామ్‌కి మెమో కావాలి గానీ మీ బండి ఆర్‌సీతో పనేంటి? అక్కర్లేనివాటికి టిక్ తీసేసే వీలుంటే తీసేయండి.

ఇచ్చిన అనుమతిని తర్వాత డిజిలాకర్ అకౌంట్‌లోంచి రద్దు చేయొచ్చు. కానీ దాంతో ఇకపై తీసుకోవడం మాత్రమే ఆగుతుంది. ఆ సంస్థ అప్పటికే తీసుకున్న కాపీ వాళ్ల సర్వర్‌లోనే ఉంటుంది. అంటే మీ చేతిలో నిజంగా కంట్రోల్ ఉండేది Allow నొక్కే ముందు ఆ పది సెకన్లే.

చివరి తేదీ దాకా ఆగకుండా, ఇవాళే యాప్ తెరిచి Issued విభాగంలో ఏమున్నాయో, వాటిలో మీ పేరు ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించుకోవడానికి టైమ్ పడుతుంది మరి.