కార్డులు కదిలినా పని కదలకపోవచ్చు

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లున్న ఇంట్లో ‘స్టాండప్ ఉంది, తర్వాత మాట్లాడతా’ అనే మాట దాదాపు రోజూ వినిపిస్తుంది. స్క్రమ్ అనే పద్ధతిలో పనిచేసే బృందం రోజూ 15 నిమిషాలు కూడే సమావేశం అది. ఈ పద్ధతిలో పనిని స్ప్రింట్లుగా విడగొడతారు. ఒక్కో స్ప్రింట్ నెలకు మించకూడదు, చాలాచోట్ల రెండు వారాలే. చేయాల్సిన పనులన్నీ బోర్డు మీద కార్డులుగా ఉంటాయి. పని సాగుతున్నకొద్దీ కార్డు ఎడమ నుంచి కుడికి జరిగి, చివరికి ‘డన్’ గడిలోకి చేరుతుంది.

అన్ని కార్డులూ ‘డన్’లోకి చేరినా, వాడేవాళ్లకు ఏమీ ఒరగని స్ప్రింట్లు ఉంటాయి. చాలాసార్లు దానికి కారణం మొదటిరోజు పెట్టుకున్న లక్ష్యంలోనే దొరుకుతుంది.

బస్సు టికెట్లు అమ్మే ఒక యాప్‌ను ఊహించుకుందాం. అయిదుగురు డెవలపర్లు, పది పనిదినాలు, బోర్డు మీద 11 కార్డులు. ‘ఈ 11 కార్డులూ పూర్తి చేయాలి’ అని లక్ష్యం రాసుకుంటే అది పనుల జాబితాకు ఇంకో పేరు మాత్రమే. ఏదైనా అడ్డం వస్తే దేన్ని వదలాలో అది చెప్పదు. ‘రిఫండ్ విభాగాన్ని మెరుగుపరచాలి’ అన్నా అంతే, ఏ పని చేసినా అందులో ఇమిడిపోతుంది. దాని బదులు ఇలా రాయొచ్చు: ‘యూపీఐతో టికెట్ కొని రద్దు చేసుకున్న ప్రయాణికుడికి, కాల్ సెంటర్‌కు ఫోన్ చేసే పని లేకుండా డబ్బు వెనక్కి రావాలి’. ఇందులో ఎవరికి మేలో తెలుస్తోంది, జరిగిందో లేదో తేల్చుకోవచ్చు. కార్డుతో కొన్న టికెట్ల సంగతి ఇప్పుడు కాదని కూడా ఇదే చెబుతోంది. నా దృష్టిలో మంచి లక్ష్యానికి గుర్తు అది వదిలిపెట్టేదే.

ఆ వాక్యాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో కార్డునూ ‘ఇది తీసేస్తే లక్ష్యం చెడుతుందా?’ అని అడగాలి. మన ఉదాహరణలో ఏడు కార్డులకు ‘అవును’ వచ్చిందనుకుందాం. మిగతా నాలుగు చిన్నచిన్న లోపాల సవరణలు. వాటిని తీసేయనక్కర్లేదు. ఏ బృందానికైనా అలాంటి పనులు ఉంటాయి. కాకపోతే ఇబ్బంది వచ్చినప్పుడు ముందుగా పక్కకు జరగాల్సినవి ఏవో ఇప్పుడే తెలిసిపోయింది.

ఇక రోజూ జరిగే పరిశీలన. నిన్న ఏం చేశాను, ఈరోజు ఏం చేస్తాను, అడ్డం ఏముంది అని ఒక్కొక్కరూ వరసగా చెప్పడం చాలా బృందాలకు అలవాటు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ రాసిన స్క్రమ్ గైడ్‌లో 2020 కూర్పు నుంచి ఆ మూడు ప్రశ్నలను తీసేశారు. లక్ష్యం వైపు ఎంత దూరం వచ్చామో చూసుకుని, అవసరమైతే పనులు మార్చుకోవడమే ఆ సమావేశం ఉద్దేశమని అందులో ఉంది. మనుషుల వరసలో కాకుండా బోర్డు వరసలో, ‘డన్’కు దగ్గరగా ఉన్న కార్డు నుంచి వెనక్కి మాట్లాడుకుంటూ వెళ్తే ఇది తేలికవుతుంది.

నాలుగోరోజు ఏమవుతుందో చూడండి. డబ్బు జమైన కబురు చెల్లింపుల సంస్థ నుంచి వెంటనే రాదని, కొంతసేపటికి విడిగా వస్తుందని పరీక్షల్లో బయటపడింది. ‘రద్దు నొక్కగానే డబ్బు జమైందని ఎస్సెమ్మెస్’ అనే కార్డు రాసినట్టే పూర్తి చేస్తే ప్రయాణికుడికి అబద్ధపు సందేశం వెళ్తుంది. అతను ఖాతా చూసుకుని కాల్ సెంటర్‌కే ఫోన్ చేస్తాడు. అంటే కార్డు పూర్తయినకొద్దీ లక్ష్యం దూరమవుతుంది. కాబట్టి ఆ కార్డును మార్చాలి, ఆలస్యంగా వచ్చే కబురును అందుకునే కొత్త కార్డు చేర్చాలి. దానికి రెండు రోజులు కావాలి. లోపాల సవరణలను పక్కన పెడితే ఒక రోజు దొరికింది. ఇంకో రోజు కోసం ‘నాలుగు సీట్లలో ఒక్కటి మాత్రమే రద్దు’ అనే కార్డును వదలాలి. అది లక్ష్యానికి పనికొచ్చేదే, అందుకే డెవలపర్లు సొంతంగా తీసేయకుండా ప్రొడక్ట్ ఓనర్‌తో మాట్లాడి పక్కన పెడతారు. పని పరిధి తగ్గింది, లక్ష్యం మాత్రం మారలేదు.

ఆరోరోజు పండగ బ్యానర్ చేయమని పైనుంచి కబురు వస్తే? ‘చిన్న పనే కదా’ అని చెప్పకుండా బోర్డు మీదకు ఎక్కించడమే ఎక్కువ నష్టం చేస్తుంది. దానికి ఎవరి సమయం పోతుందో, ఏ రిఫండ్ కార్డు ఆగుతుందో అందరి ముందూ తేలాలి.

దారి తప్పిన సంగతి పట్టుకోవడానికి ‘స్ప్రింట్ ఈరోజే ముగిస్తే ఆ ప్రయాణికుడికి డబ్బు వస్తుందా?’ అని అడిగితే చాలు. ఏడోరోజుకు ఎనిమిది కార్డులు ‘డన్’లో ఉండి కూడా జవాబు ‘రాదు’ అయితే, జనం తేలిక పనులు ముందు లాగేసుకున్నారన్నమాట. ఒకే కార్డు మూడు రోజులుగా కదలకపోతే దాని దగ్గరకు ఇంకొకరు వెళ్లాలి, కొత్త కార్డు తెరవకూడదు.

అన్ని బృందాలకూ ఇది కుదరదు. రోజూ వచ్చే ఫిర్యాదులు సరిచేయడమే పనిగా ఉన్నవాళ్లకు రెండు వారాల ముందే ఒక లక్ష్యం కట్టబెడితే అది కాగితం మీదే ఉంటుంది. వాళ్లకు ఒకేసారి ఎన్ని పనులు చేతిలో ఉండొచ్చో పరిమితి పెట్టే కాన్‌బాన్ పద్ధతి నయం. అలాగే, స్ప్రింట్ మధ్యలో లక్ష్యానికే అర్థం లేకుండా పోతే, అంటే కంపెనీ యూపీఐ చెల్లింపులనే ఆపేస్తే, స్ప్రింట్‌ను రద్దు చేసే అధికారం ప్రొడక్ట్ ఓనర్‌కు ఒక్కరికే ఉంది.