మళ్ళీ రాని కొనుగోలుదారుని ఏమని అడగాలి?

చిన్న దుకాణానికి తరచుగా వచ్చే మనిషి రావడం మానేస్తే, ఆ సంగతి యజమానికి వెంటనే తెలియదు. ఎవరూ చెప్పి మానెయ్యరు. కొత్తవారు వస్తూ ఉండడం వల్ల గల్లాపెట్టె కొంతకాలం నిండుగానే కనిపిస్తుంది. ఆర్థికశాస్త్రవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన ఒక గ్రంథంలో, అసంతృప్తి కలిగినవారి ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయని వివరించాడు. ఒకటి లోపాన్ని నోరువిప్పి చెప్పడం, రెండవది మౌనంగా తప్పుకోవడం. పక్క వీధిలోనే మరొక దుకాణం ఉన్న నగరంలో రెండవ దారి చాలా సులువు. అందువల్ల మానేసినవారిని వెతికి అడిగితే తప్ప కారణం బయటపడదు. అడిగే పద్ధతి సరిగా లేకపోతే, అడిగినా బయటపడదు.

బెంగళూరు వంటి నగరాలలో తెలుగువారు నడిపే కర్రీ పాయింట్లు, మెస్సులు, పచ్చళ్ళ దుకాణాలు, టైలరింగ్ షాపులు తిరిగి వచ్చేవారి మీదనే ఆధారపడి నిలుస్తాయి. అటువంటి చోట ఖర్చు లేకుండా, నాలుగు ప్రశ్నలతో ఈ విచారణ ఎలా జరపవచ్చో ఇక్కడ వివరించడమైనది.

ఎవరిని అడగాలి

సాధారణంగా యజమానులు కౌంటరు దగ్గర నిలబడినవారినే “ఎలా ఉందండీ?” అని అడుగుతారు. ఆ మనిషి మళ్ళీ వచ్చాడు కాబట్టే అక్కడ ఉన్నాడు. వెళ్ళిపోయినవారి కారణం అతనికి తెలియదు. పైగా ఎదురుగా ఉన్నవారిని నొప్పించడం ఇష్టం లేక “బాగానే ఉందండీ, పర్వాలేదు” అంటాడు. ఈ జవాబులు ఎన్ని పోగైనా ప్రయోజనం ఉండదు.

ముందుగా మానేసినవారి జాబితా తయారు చేసుకోవాలి. ఖాతా పుస్తకం, ఫోన్‌లో వచ్చిన ఆర్డర్లు, ఇంటికి పంపిన పార్సెళ్ళ వివరాలు ఇందుకు చాలును. అయితే ఎన్ని రోజులు రాకపోతే మానేసినట్లు లెక్కించాలి అన్నది అందరికీ ఒకటి కాదు. వారానికి మూడుసార్లు వచ్చే మనిషి మూడు వారాలు కనిపించకపోతే అనుమానించాలి. నెలకొకసారి పచ్చడి కొనే కుటుంబం విషయంలో మూడు నెలలైనా ఆగాలి. ఎవరి అలవాటును బట్టి వారి గడువు నిర్ణయించుకోవాలి. పండుగలకు, వేసవి సెలవులకు ఊరు వెళ్ళే రోజులను ఈ లెక్కలో మినహాయించాలి.

నాలుగు ప్రశ్నలు

“మా దగ్గరికి ఎందుకు రావడం లేదు?” అన్న ప్రశ్నతో మొదలుపెట్టకూడదు. అది సంజాయిషీ అడిగినట్లు ఉంటుంది. అవతలి మనిషి తనకు గాని, యజమానికి గాని ఇబ్బంది కలగని కారణమొకటి చూసి చెబుతాడు. “ధర కాస్త ఎక్కువండీ”, “తీరిక లేదండీ” అన్నవి అటువంటి జవాబులే. అవి అబద్ధాలు కాకపోవచ్చు, కాని అసలు కథ వాటి వెనుక ఉంటుంది. అందువల్ల అభిప్రాయాన్ని అడగక, జరిగిన సంఘటనను అడగాలి.

మొదటి ప్రశ్న: “చివరిసారి వచ్చినప్పుడు దేనికోసం వచ్చారు? ఏ వేళకు వచ్చారు?” దీనికి జవాబు చెప్పడంలో మొహమాటం లేదు. మనిషి ఆ రోజును గుర్తు చేసుకోవడం మొదలుపెడతాడు.

రెండవ ప్రశ్న: “ఆ రోజు ఏమి తీసుకువెళ్ళారు?” మొదటి జవాబుకూ దీనికీ మధ్య తేడా ఉంటే, లోపం చాలావరకు అక్కడే దొరుకుతుంది. గుత్తి వంకాయ కోసం వచ్చినవాడు పప్పు మాత్రమే పట్టుకువెళ్ళాడంటే, అతడు ఫిర్యాదు చేయకపోయినా విషయం తెలిసినట్లే.

మూడవ ప్రశ్న: “ఆ తరువాత అదే అవసరానికి మొదటిసారి ఎక్కడికి వెళ్ళారు? ఆ రోజు ఏమి జరిగింది?” మనిషి అలవాటు మారిన రోజును ఇది పట్టి ఇస్తుంది. కొత్త దుకాణం ఎందుకు బాగుందో అడగడం కంటే, అక్కడికి మొదట ఎందుకు వెళ్ళవలసి వచ్చిందో అడగడం ముఖ్యం.

నాలుగవ ప్రశ్న: “మీ స్నేహితులెవరైనా మా దగ్గర కొనబోతూ ఉంటే, ఏ విషయంలో జాగ్రత్తగా ఉండమంటారు?” నేరుగా తప్పు పట్టడానికి వెనుకాడేవారు కూడా ఇతరుల మేలు కోసం అయితే చెబుతారు. “ఎనిమిది లోపల వెళ్ళమంటాను” అన్న ఒక్క మాట ఎన్నో నక్షత్రాల రేటింగుల కంటే ఎక్కువ తెలుపుతుంది.

ఈ క్రమం మార్చకూడదు. సంఘటన ముందు, అభిప్రాయం తరువాత రావాలి. ఒకే ప్రశ్నలో రెండు విషయాలు కలపకూడదు. “రుచి, ధర బాగున్నాయా?” అని అడిగితే, “ఆ, బాగున్నాయి” అన్న జవాబు దేనికి చెందుతుందో తెలియదు.

ఒక కర్రీ పాయింట్ ఉదాహరణ

విషయం స్పష్టం కావడానికి బెంగళూరులో ఐటీ ఉద్యోగులు, పీజీ హాస్టళ్ళు ఎక్కువగా ఉన్న ప్రాంతంలోని ఒక కర్రీ పాయింట్‌ను కల్పిత ఉదాహరణగా తీసుకోవచ్చు. సాయంత్రం వచ్చే పాత ముఖాలు తగ్గాయి. పక్క వీధిలో కొత్తగా తెరిచిన దుకాణం ప్రతి కూర మీద పది రూపాయలు తక్కువకు అమ్ముతున్నది. కాబట్టి ధరే కారణమని యజమాని నమ్మాడు. కూర పొట్లాన్ని చిన్నది చేసి ధర తగ్గించాలని అనుకున్నాడు. అంతకు ముందు మానేసినవారిని అడిగి చూడాలని నిశ్చయించాడు.

ఖాతా పుస్తకం, ఫోన్ ఆర్డర్లు చూస్తే ఇరవై నలుగురి పేర్లు తేలాయి. పదిహేడుగురు ఫోన్ ఎత్తారు, పద్నాలుగురు జవాబు చెప్పారు. వారిలో నలుగురు ఇల్లో ఉద్యోగమో మారినవారు. ఒకరు వైద్యుని సలహా మీద బయటి కూరలు మానినవారు. ఈ ఐదుగురి విషయంలో దుకాణం చేయగలిగినది లేదు. వారిని లెక్క నుంచి తీసివేయకపోతే, సరిదిద్దుకోలేని దాని గురించి అనవసరంగా బాధపడవలసి వస్తుంది.

మిగిలిన తొమ్మిది మందిలో ఐదుగురు మాటల సందర్భంలో ధర ఎక్కువన్నారు. కాని మొదటి మూడు ప్రశ్నలకు వచ్చిన జవాబులను పక్కపక్కన పెట్టి చూస్తే వేరే సంగతి కనిపించింది. తొమ్మిదిలో ఆరుగురు చివరిసారి రాత్రి ఎనిమిదిన్నర దాటాక వచ్చారు. వారు కోరిన కూర అయిపోయింది. కొందరు మిగిలినదేదో తీసుకున్నారు, కొందరు ఉత్త చేతులతో వెళ్ళారు. ఆ రాత్రే, లేదా మరునాడు, వారు పక్క వీధికి మొదటిసారి వెళ్ళారు. అక్కడికి వెళ్ళాకనే ధర తక్కువని తెలిసింది. ధర ఎక్కువన్న ఐదుగురిలో నలుగురు ఈ ఆరుగురిలోనివారే. మిగిలిన ముగ్గురిలో ఇద్దరికి పొట్లాలు తారుమారయ్యాయి, ఒకరికి ఏమీ గుర్తులేదు.

కనుక ధర వారిని బయటికి నెట్టలేదు, వెళ్ళినవారిని అక్కడ నిలిపింది. నెట్టినది కూర దొరకకపోవడం. యజమాని అనుకున్నట్లు పొట్లం చిన్నది చేసి ఉంటే, రాత్రి వచ్చేవారికి కూర దొరకదు సరిగదా, పగటివారికి కూడా కొత్త అసంతృప్తి కలిగేది.

జవాబులు ఎక్కడ చెడిపోతాయి

అడిగే మనిషిని బట్టి జవాబు మారుతుంది. యజమాని స్వయంగా అడిగితే మొహమాటం, వంట చేసినవారు అడిగితే మరింత మొహమాటం. కొనుగోలుదారులకు అంతగా పరిచయం లేని బంధువో స్నేహితుడో అడగడం మంచిది. భాష కూడా ముఖ్యమే. ఇటువంటి దుకాణాలకు వచ్చేవారందరూ తెలుగువారు కారు. కన్నడిగులను “కొనెయ సల బందాగ ఏను తగొండ్రి?” అని వారి భాషలో అడిగితే, రాని ఇంగ్లీషులో పొడిగా చెప్పే రెండు మాటలకు బదులు జరిగినదంతా చెబుతారు.

రెండవ పొరపాటు సమర్థించుకోవడం. “ఆ రోజు వంటమనిషి రాలేదండీ” అని మధ్యలో అడ్డు తగిలితే అవతలివారు అక్కడితో ఆగిపోతారు. విన్నది విన్నట్లు, వారి మాటల్లోనే రాసుకోవాలి. “ఆలస్యంగా వెళ్తే ఏమీ ఉండవు” అన్నదాన్ని “సరుకు కొరత” అని మార్చి రాస్తే, ఏ వేళ అన్న ఆనవాలు పోతుంది.

మూడవది జవాబుకు తగ్గింపు ఆశ చూపడం. తగ్గింపు ఇస్తామంటే తగ్గింపు కోరేవారే ముందుకు వస్తారు, ధర గురించే మాట్లాడతారు. సంభాషణ మూడు నాలుగు నిమిషాలు మించకపోతే ఏ బహుమానమూ అక్కరలేదు.

నాలుగవది కొద్దిమంది జవాబులను శాతాలుగా మార్చడం. తొమ్మిదిలో ఆరుగురు అన్నది గట్టి సూచనే గాని, మానేసినవారందరిలో మూడింట రెండు వంతులకు అదే కారణమని రుజువు కాదు. ఫోన్ ఎత్తని ఏడుగురి మనసులో ఏముందో తెలియదు.

ఫోన్ నంబర్ల విషయంలోనూ హద్దు పాటించాలి. పార్సెల్ కోసం ఇచ్చిన నంబరుకు ఒకసారి మర్యాదగా ఫోన్ చేసి, మాట్లాడడానికి అనుమతి అడగాలి. వద్దంటే అక్కడితో ఆపాలి. ప్రజల వ్యక్తిగత సమాచారాన్ని వారి సమ్మతి మేరకే వాడాలన్న ఉద్దేశంతో 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చిన సంగతి వ్యాపారులు గమనించాలి.

తేలిన కారణం నిజమేనా

ప్రశ్నల ద్వారా తేలినది అనుమానమే. దానిని దుకాణంలోనే సరిచూసుకోవాలి. పై ఉదాహరణలోని యజమాని గల్లాపెట్టె పక్కన ఒక కాగితం అంటించాలి. ఎవరైనా అడిగిన కూర లేదని చెప్పవలసి వచ్చినప్పుడల్లా ఆ కూర పేరు, వేళ రాసి ఒక గీత గీయాలి. రెండు వారాలలో గీతలు ఎనిమిది తరువాతనే గుమిగూడితే, ఏ కూరకు ఎక్కువ పడ్డాయో తెలిస్తే, జవాబులు నిజమని నమ్మవచ్చు. గీతలు పడకపోతే కారణం మరొకటి వెతకాలి.

ఆ తరువాత ఒక్క మార్పు మాత్రమే చేయాలి. ఎక్కువగా అయిపోయే రెండు కూరలను రాత్రి ఏడున్నరకు రెండవసారి కొద్దిగా వండడం, లేదా ఫోన్‌లో ముందుగా చెప్పినవారికి పొట్లం పక్కన ఉంచడం వంటిది చాలును. ధర, వేళ, వంట అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మార్పు సంగతి ఆ ఆరుగురికి ఒకసారి తెలియజేసి, నెల రోజుల్లో ఎందరు వచ్చారో, వచ్చినవారిలో ఎందరు రెండవసారి వచ్చారో ఖాతా పుస్తకంలో గుర్తు పెట్టాలి. పిలిచినందుకు మర్యాదకొద్దీ ఒకసారి వచ్చేవారు ఉంటారు. కనుక ఆ రెండవ రాకనే లెక్కలోకి తీసుకోవాలి.